11:59కి వచ్చే ఫోన్

ఒసేయ్,

నిన్న రాత్రి ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఏటా నీకు "థాంక్స్ వే" అని ఒక్క ముక్క చెప్పి వదిలేస్తున్నాను. ఈసారి మొత్తం చెప్పాలనిపించి కూర్చున్నాను. ఫోన్లో చెప్పబోతే నువ్వు "చాల్లే ఆపు" అంటావు, అందుకే రాస్తున్నాను.

1988 ఫిబ్రవరి 29న పుట్టినదానికి పుట్టినరోజంటే ఏమిటో నీకు విడిగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు స్కూల్లో "ఈ ఏడాది నీకు లేదుగా" అనేవాళ్లు. ఇంట్లో ఒకసారి 28న, ఒకసారి మార్చి 1న చేసేవారు. రెండూ నాది కాని రోజుల్లాగే ఉండేవి. పెద్దయ్యాక నేనే మానేశాను. ఎవరైనా అడిగితే "ఈసారి రాలేదండీ" అని తప్పించుకోవడం అలవాటైపోయింది.

2007లో మనం హాస్టల్లో ఉన్న మొదటి ఏడాది గుర్తుందా? 28 రాత్రి అందరూ పడుకున్నాక నా దుప్పటి లాగి లేపావు. చేతిలో నీ అలారం గడియారం. "చూడు, ఇంకో నిమిషంలో 12 అవుతుంది. నీ పుట్టినరోజు ఇక్కడే ఎక్కడో ఉంది, జారిపోకముందే పట్టుకుందాం" అన్నావు. భూమి సూర్యుణ్ణి చుట్టి రావడానికి 365 రోజుల మీద ఇంకో ఆరు గంటలు, కొద్ది నిమిషాలు తక్కువగా పడుతుందని, ఆ గంటలన్నీ కూడితేనే నాలుగేళ్లకో 29 వస్తుందని గుసగుసగా చెప్పావు. "అంటే మిగతా ఏళ్లలో నీ రోజు లేకుండా పోలేదే, ఇంకా పోగవుతోందంతే" అన్నావు. ముల్లు 12 దాటేదాకా ఇద్దరం ఆ గడియారం వైపే చూస్తూ కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. చీకట్లో నీకు కనిపించలేదనుకుంటా.

అప్పటినుంచి నిన్నటిదాకా 20 పుట్టినరోజులు. అందులో అసలు తేదీ ఉన్నవి అయిదే. మిగతా 15 సార్లలో మొదటిసారి పక్కనే ఉన్నావు, తర్వాత 14 సార్లూ 28 రాత్రి 11:59కి ఫోన్ చేసి, ఒక్కసారి తప్ప 12:01 దాకా లైన్లో ఉన్నావు. ఇది తేలికని నువ్వనుకుంటావేమో. నా ఫోన్ క్యాలెండర్‌లో ఫిబ్రవరి 29కి ఏటా మోగేలా రిమైండర్ పెట్టి చూశాను, మామూలు సంవత్సరాల్లో అది మోగనే మోగలేదు. నీకు గుర్తు చేసేది ఏదీ లేదు. నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

లీపు సంవత్సరం వస్తే సంగతి వేరు. 2024లో పొద్దున్నుంచి మెసేజ్‌లే మెసేజ్‌లు, తేదీ వింతగా ఉంటుంది కాబట్టి అందరికీ గుర్తొస్తాను. నువ్వు మాత్రం "ఇవాళ నీకు బిజీ, రేపు తీరిగ్గా మాట్లాడదాం" అని ఊరుకున్నావు. అలాంటప్పుడే నువ్వు నాకు ఇంకా బాగా అర్థమవుతావు.

2019 సంగతి నీతో ఎప్పుడూ ఎత్తలేదు. నాన్న ఐసీయూలో ఉన్నారు, నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాను. సరిగ్గా 11:59కి ఫోన్ మోగింది. ఆరోజు నువ్వు శుభాకాంక్షలు చెప్పలేదు. "ఉన్నానే" అన్నావు, అంతే. రెండు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, నీ ఊపిరి మాత్రం వినబడుతోంది. 12 దాటాక "కాసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకో" అని పెట్టేశావు. నువ్వు చెప్పినట్టే చేశాను. ఆ నెలంతటిలో నాకు కాస్త కునుకు పట్టింది అప్పుడే.

2021లోనైతే నీకు కాన్పయి మూడు రోజులే అయింది. ఈ ఏడాది రాదు, రాకపోయినా పర్లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వచ్చింది. వెనక పాప గుక్కపట్టి ఏడుస్తోంది, నీ గొంతు పూర్తిగా పోయింది. "ఈసారి ఒక్క నిమిషమే ఇవ్వగలనే, సారీ" అన్నావు. ఆ సారీ నాకు ఇప్పటికీ గొంతులో అడ్డుపడుతుంది. నువ్వా నాకు సారీ చెప్పాల్సింది?

చెప్పాల్సింది నేను. నీ జూలై 14 నేను రెండుసార్లు మర్చిపోయాను. రెండుసార్లూ నువ్వు ఒక్క మాటనలేదు, పైగా నేను నొచ్చుకుంటానని వేరే కబుర్లలోకి దింపావు. ఆ రెండిటికీ నన్ను క్షమించు.

నిన్న 38 నిండాయి. పిల్లల పరీక్షలు, ఆఫీసు టెన్షన్, అత్తయ్యగారి మందులు, వీటి మధ్య నా పుట్టినరోజు సంగతి నాకే తట్టలేదు. 11:59కి నీ పేరు స్క్రీన్ మీద కనబడగానే, దుప్పటి లాగితే లేచి కూర్చున్న ఆ హాస్టల్ పిల్లనైపోయాను. ఏడాదికి రెండు నిమిషాలు నన్ను అలా ఉండనిచ్చేది నువ్వొక్కదానివే. థాంక్స్ వే. ఇన్నేళ్లకీ కలిపి, నిండు మనసుతో.

జూలై 13 రాత్రి 11:59కి నీ ఫోన్ మోగుతుంది. పాపను పడుకోబెట్టి, మేలుకుని ఉండు.

నీ రూమ్మేట్