గణిత ఉపాధ్యాయురాలి ఉద్యోగానికి దరఖాస్తు లేఖ

తెనాలి,
12 మే 2025.

ప్రధానోపాధ్యాయులు గారికి,

విషయం: 6, 7 తరగతుల గణిత ఉపాధ్యాయురాలి ఉద్యోగానికి దరఖాస్తు.

ఆర్యా, నమస్కారములు.

మీ పాఠశాలలో గణితం బోధించేందుకు ఉపాధ్యాయులు కావాలన్న ప్రకటన చూసి ఈ దరఖాస్తు పంపుతున్నాను. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో బీఎస్సీ చదివిన తరువాత, గణిత బోధనలో రెండేళ్ల బీఈడీ శిక్షణను ఈ ఏడాదే ముగించాను. టెట్‌లోనూ అర్హత సాధించాను.

శిక్షణలో భాగంగా ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరో తరగతికి భిన్నాలు చెప్పినప్పుడు, 4 కంటే 3 చిన్నది కాబట్టి 1/4 కంటే 1/3 కూడా చిన్నదేనని చాలామంది పిల్లలు రాశారు. తప్పు దిద్ది వదిలేయకుండా, ఒకే పొడవున్న కాగితపు పట్టీలను వారి చేత మడత పెట్టించి, ముక్కల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో ముక్క ఎందుకు చిన్నదవుతుందో వారి నోటనే చెప్పించాను. ఒక పీరియడ్ అనుకున్న పాఠానికి మూడు పట్టాయి. ఆ సమయం వృథా కాలేదని గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే హారాలు వేరైన భిన్నాల కూడిక దగ్గరకు వచ్చేసరికి, అంతవరకు నోరు విప్పని పిల్లలు సైతం "ముందు ముక్కలు సమానం చేయాలి కదండీ టీచర్" అంటూ బోర్డు దగ్గరకు వచ్చారు.

పూర్తికాల ఉద్యోగ అనుభవం నాకు ఇంకా లేదు. కాబట్టి మొదటి ఏడాది మీ పాఠశాలలోని అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల తరగతులలో కూర్చుని నేర్చుకునేందుకు అనుమతి కోరుతున్నాను. చదువులో వెనుకబడిన పిల్లలకు సాయంత్రం ఒక గంట అదనంగా బోధించడానికి కూడా నాకు సమ్మతమే.

మీరు పిలిచిన రోజున మీ విద్యార్థులకే ఒక మాదిరి పాఠం చెప్పి చూపగలను. ధ్రువపత్రాల నకళ్లను, రెండు పాఠ్య పథకాలను దీనితో జతపరిచాను.

ఇట్లు,
భవదీయురాలు,
కె. సుజాత