విషయం: 2027 ఫిబ్రవరి 24–25 పెళ్లి బుకింగ్: తేదీలు, అడ్వాన్స్, డిపాజిట్, రిఫండ్, డెకరేషన్ షరతుల ఖరారు

మేనేజర్ గారికి,

నమస్కారం. మొన్న శనివారం (అక్టోబర్ 3) రాజమహేంద్రవరంలోని మీ హాల్లో కూర్చుని మాట్లాడుకున్నవి, ఆ తర్వాత ఫోన్‌లో తేల్చుకున్నవి అన్నీ ఒకచోట ఉండాలని ఈ మెయిల్ రాస్తున్నాను. మీరిచ్చిన బుకింగ్ ఫారంలో ఉన్నవాటికీ మనం అనుకున్నవాటికీ రెండు మూడు చోట్ల తేడా ఉంది. ఆ చోట్లు కింద స్పష్టంగా చెప్పాను. చదివి, ఏదైనా కుదరదనుకుంటే ఏది కుదరదో రాయండి. అన్నీ సరే అయితే "అంగీకారం" అని ఇదే మెయిల్‌కు జవాబిస్తే చాలు. మిగతా అడ్వాన్స్ ఆ వెంటనే పంపుతాను.

తేదీ, సమయం

మా అమ్మాయి ముహూర్తం ఫిబ్రవరి 24 బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం, 1 గంట 47 నిమిషాలకు. శుభలేఖలో బుధవారం అనే వేస్తాం. క్యాలెండర్ ప్రకారం మాత్రం అప్పటికి 25 వచ్చేస్తుంది. మీ ఫారంలో "ఫంక్షన్ తేదీ: 24-02-2027" అని ఒక్కటే ఉంది. మీ బుకింగ్ రిజిస్టరు రోజు అర్ధరాత్రి 12కి మారితే, ముహూర్తం వేళకు హాలు మా పేరున లేనట్టే. అందుకని ఫారంలోనూ రిజిస్టరులోనూ ఇలా రాయించండి: 2027 ఫిబ్రవరి 24 బుధవారం ఉదయం 5 గంటల నుంచి ఫిబ్రవరి 25 గురువారం మధ్యాహ్నం 1 గంట వరకు, మొత్తం 32 గంటలు. ఇందులో ఏసీ హాలు, డైనింగ్ హాలు, వంటశాల, ముందున్న ఖాళీ స్థలం, మగపెళ్లివారి విడిదికి 6, మాకు 6 కలిపి 12 ఏసీ గదులు ఉంటాయి.

23వ తేదీ రాత్రి మీకు వేరే రిసెప్షన్ ఉందన్నారు. వాళ్ల స్టేజి సామాను 24 ఉదయం 5కల్లా పూర్తిగా తీసేసి ఉండాలి. మా డెకరేషన్ వాళ్లకు మండపం కట్టడానికి పది గంటలు, లైట్లకు మరో రెండు గంటలు కావాలి. సాయంత్రం 6 నుంచి చుట్టాలు వస్తారు. అంటే మా చేతిలో ఉన్న అదనపు సమయం ఒక్క గంటే. పాత సామాను వల్ల 5 గంటలు కాస్తా 8 అయితే, చుట్టాలు వచ్చే వేళకు ఇంకా రెండు గంటల పని మిగిలే ఉంటుంది. ఉదయం 6 దాటినా హాలు ఖాళీ చేసి ఇవ్వలేకపోతే, ఆలస్యమైన ప్రతి గంటకూ రూ.15,000 మా బిల్లులో తగ్గిస్తారు. మేం 25 మధ్యాహ్నం 1.30 దాటితే మీరడిగిన రేటు కూడా గంటకు అంతే కాబట్టి, రెండు వైపులా ఒకే లెక్క ఉండడం న్యాయం.

డబ్బు లెక్క

అద్దె రూ.4,00,000. దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.72,000. మొత్తం రూ.4,72,000.

ఇందులో 40 శాతం, అంటే రూ.1,88,800 అడ్వాన్స్. అక్టోబర్ 3న యూపీఐలో పంపిన రూ.50,000 ఇందులో భాగమే. మిగిలిన రూ.1,38,800 అక్టోబర్ 12న మీ హాలు కరెంట్ అకౌంట్‌కు నెఫ్ట్ చేస్తాను. చివరి రూ.2,83,200 2027 జనవరి 25లోగా కడతాను. నగదు వద్దు. ఒకే కార్యక్రమానికి ఒకరి దగ్గర రూ.2 లక్షలు, అంతకుమించి నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. జరిమానా పడేది తీసుకున్నవారికే. విడతలుగా ఇచ్చినా కార్యక్రమం ఒక్కటే కాబట్టి లెక్క మారదు.

సెక్యూరిటీ డిపాజిట్ రూ.75,000 దీనికి పూర్తిగా వేరు. ఫిబ్రవరి 22న పంపుతాను. మీ ఫారంలో దీన్ని కూడా "అడ్వాన్స్" గడిలోనే కలిపేశారు, విడదీయండి. అడ్వాన్స్ అద్దెలో భాగం కనుక దానికి జీఎస్టీ ఉంటుంది, అందిన ప్రతిసారీ రిసీట్ వోచర్ ఇవ్వాలి. తిరిగిచ్చేసే డిపాజిట్ మీద జీఎస్టీ ఉండదు. రెండూ కలిపి రాస్తే, రేపు రద్దు మాట వచ్చినప్పుడు డిపాజిట్‌కు కూడా కోత పడే ప్రమాదం ఉంది.

డిపాజిట్ నుంచి కోయాల్సి వస్తే పద్ధతి ఇది. 24 ఉదయం 5 గంటలకు మీ సూపర్‌వైజర్, మా తరఫున మా బావమరిది కలిసి హాలు తిరిగి ఫోటోలు తీస్తారు: స్టేజి కార్పెట్, గోడలు, గదుల తలుపులు, బాత్రూంలు. 25 మధ్యాహ్నం 12.30కి మళ్లీ అదే వరసలో. ఉదయం ఫోటోలో ఉన్న మరక మా లెక్కలోకి రాదు. కొత్తగా పాడైనదానికి రిపేరు బిల్లు చూపించి అంతే మొత్తం తీసుకోండి. మిగతాది 7 పనిదినాల్లో నా అకౌంట్‌కు రావాలి. ఫారంలోని 9వ షరతు, "నష్టం విషయంలో యాజమాన్యం నిర్ణయమే తుది నిర్ణయం", తీసేసి ఈ పేరా పెట్టండి.

కరెంటు మీటరు రీడింగ్ ప్రకారం, యూనిట్‌కు రూ.15. జనరేటర్ మొదటి 4 గంటలు అద్దెలోనే, ఆపైన గంటకు రూ.3,500. దాని అవర్ మీటరు రీడింగ్ కూడా పై రెండు సార్లూ ఫోటో తీయాలి.

రద్దు, వాయిదా, రిఫండ్

"90 రోజుల ముందు", "45 రోజుల ముందు" అని రాస్తే ఏ రోజు నుంచి లెక్క అని తర్వాత వాదన వస్తుంది. అందుకే తేదీలే రాస్తున్నాను.

2026 నవంబర్ 26 వరకు మేం రద్దు చేసుకుంటే, రూ.25,000 మీరు ఉంచుకుని మిగతా రూ.1,63,800 తిరిగిస్తారు. నవంబర్ 27 నుంచి 2027 జనవరి 10 వరకు అయితే అడ్వాన్స్‌లో సగం, రూ.94,400. జనవరి 11 నుంచి అడ్వాన్స్ రాదు. కానీ చివరి విడత రూ.2,83,200 అప్పటికే కట్టి ఉంటే, ఫిబ్రవరి 9 వరకు అది మొత్తం తిరిగిస్తారు. ఫిబ్రవరి 10 నుంచి రిఫండ్ ఏమీ లేదు. డిపాజిట్ మాత్రం ఎప్పుడు రద్దయినా పూర్తిగా వెనక్కి వస్తుంది. మీరు ఉంచుకునే మొత్తాలన్నీ జీఎస్టీతో కలిపినవే, వాటిపై మళ్లీ పన్ను వేయరు.

వీటన్నిటి మీదా ఒక మాట: మేం వదులుకున్న రోజుకు హాలు వేరేవాళ్లు తీసుకుంటే, ఏ తేదీన రద్దు చేసినా రూ.25,000 తప్ప మిగతాదంతా మాకు తిరిగిస్తారు. మాఘమాసం ముహూర్తాలకు హాళ్లు దొరకవు కాబట్టి ఇది జరిగే అవకాశం ఎక్కువే. ఒకే రోజుకు రెండు అద్దెలు రావడం మీరూ కోరరని నమ్ముతున్నాను.

వాయిదా రద్దు కిందికి రాదు. ఇరువైపుల కుటుంబాల్లో మైల వస్తే పెళ్లి జరపలేం, అది ఎవరి చేతిలోనూ ఉండదు. అలాంటప్పుడు ఒకసారి, 2028 ఫిబ్రవరి 24లోగా ఖాళీగా ఉన్న ఏ తేదీకైనా కోత లేకుండా మార్చుకుంటాం. ఆ తేదీ అద్దె ఎక్కువైతే తేడా కడతాం, తక్కువైతే తేడా తిరిగిస్తారు. మీ వైపు నుంచి హాలు ఇవ్వలేకపోతే (రిపేరు, లైసెన్సు, డబుల్ బుకింగ్, ఏదైనా సరే), లేదా తుఫాను, ప్రభుత్వ ఉత్తర్వుల వల్ల హాలు మూయాల్సి వస్తే, కట్టినదంతా కోత లేకుండా రావాలి. ఫారంలో ఈ మాట అసలు లేదు, చేర్చండి. ఏ రిఫండ్ అయినా మా మెయిల్ అందిన 15 రోజుల్లో, డబ్బు వచ్చిన అకౌంట్‌కే, రిఫండ్ వోచర్‌తో పంపాలి.

డెకరేషన్

స్టేజి 40 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు. దాని మీద నుంచి సీలింగ్‌కు 14 అడుగులు. మా మండపం 24 అడుగులు × 14 అడుగులు, ఎత్తు 11. ఫాల్స్ సీలింగ్ జిప్సం కాబట్టి దానికి కొక్కెం, తీగ, పూలదండ ఏదీ వేలాడదీయం. బరువంతా నేల మీద నిలబడే ఇనుప ట్రస్ మీదే. గోడలకు మేకులు, స్టేప్లర్ పిన్నులు, డబుల్ టేప్ వాడం. డబుల్ టేప్ పీకితే పెయింట్ పొరతో సహా ఊడొస్తుంది, డిపాజిట్లలో కోత ఎక్కువగా పడేది అక్కడే. పూలు కడియం నుంచి వస్తాయి, తడి గోనెల్లో. వాటిని మార్బుల్ మీద దింపకుండా వెనక గేటు దగ్గర టార్పాలిన్ వేసి దింపిస్తాం.

అరటి చెట్ల విషయంలో మీ అభ్యంతరం సరైనదే. కోసిన చోట కారే పసరు మార్బుల్ మీద ఆరితే నల్ల మరక పోదు. ద్వారానికి రెండు, మండపానికి నాలుగు చెట్లే కడతాం. ప్రతిదాని కిందా ప్లాస్టిక్ ట్రే, మొదలుకు పాలిథిన్ చుట్టు. మంగళస్నానాలు బయట ఖాళీ స్థలంలోనే. తలంబ్రాలకు పసుపు బియ్యం, ముత్యాలే. థర్మోకోల్ పూసలు, మెరుపుల పొడి వాడం, అవి ఏసీ జాలీల్లో ఇరుక్కుంటాయి.

హోమగుండం 18 అంగుళాల చదరం. ఇనుప ట్రే మాత్రమే పెడితే వేడి అడుక్కు దిగి కార్పెట్ కాలుతుంది. అందుకని ముందు కార్పెట్ మడిచి, సిమెంటు షీటు, దాని మీద రెండు వరసల ఇటుక, ఆపైన 3 అంగుళాల ఇసుక, అప్పుడు గుండం. మీరు చేయాల్సిందల్లా స్టేజి మీది పొగ డిటెక్టర్లను రాత్రి 2 నుంచి 4.30 వరకు ఆపి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి, ఆ రెండున్నర గంటలూ ఎక్స్‌టింగ్విషర్‌తో ఒక మనిషిని స్టేజి పక్కనే నిలబెట్టడం. హాలు మొత్తం అలారం ఆపవద్దు, స్టేజి జోన్ ఒక్కటే. కోల్డ్ పైరో, ఫాగ్ మెషిన్ హాల్లో వద్దన్నారు, ఒప్పుకుంటున్నాం.

లైటింగ్ లోడు 25 కిలోవాట్లు. మూడు ఫేజులకు సమంగా పంచితే ఫేజుకు సుమారు 35 ఆంపియర్లు, మీరిచ్చే 63 ఆంపియర్ల బోర్డుకు హాయిగా సరిపోతుంది. తొందరలో దగ్గరున్న సాకెట్లకు తగిలిస్తే ఒకే ఫేజు మీద వంద ఆంపియర్లు దాటి, సరిగ్గా జనం ఉన్నప్పుడు ట్రిప్ అవుతుంది. కాబట్టి మీ ఎలక్ట్రీషియన్ 24 సాయంత్రం 5కి మా వాళ్లతో కలిసి క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజులూ చూడాలి. బయటికి వెళ్లే నాలుగు తలుపుల ముందు 6 అడుగుల దారి వదులుతాం. అక్కడ పూలకుండీ కూడా పెట్టం.

శబ్దం: ఎదురుకోలు రాత్రి 8కి జరుగుతుంది. బయట బాక్సులు 9.45కు ఆపేస్తాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు, వాయిద్యం రెండూ కూడదు. సన్నాయి, డోలు ముహూర్తానికి లేకపోతే కుదరదు కాబట్టి, 10 తర్వాత మేళం మూసిన హాల్లోనే. తలుపులు మూసి ఉంచే బాధ్యత మీ సెక్యూరిటీది.

మీ జవాబు అక్టోబర్ 10 శనివారం లోగా కావాలి. దాంతోపాటు సవరించిన ఫారం, రూ.50,000కు రిసీట్ వోచర్, బ్యాంకు అకౌంట్ వివరాలు మీ లెటర్‌హెడ్ మీద, స్టేజి, కరెంటు బోర్డు కొలతల డ్రాయింగ్ పంపండి. డ్రాయింగ్ వచ్చాకే డెకరేషన్ వాళ్లు ట్రస్ కోత మొదలుపెడతారు.

ఇట్లు,
సత్యనారాయణ
(పెళ్లికూతురి తండ్రి)
రాజమహేంద్రవరం, 2026 అక్టోబర్ 6