లేడు, లేనివాడు: ఒక హాస్య రంగంలో శ్లేష చేసే పని

ముందు రంగం. తర్వాత దాని గురించి వాదన.

*(పెంకుటిల్లు, అరుగు. ఇరవయ్యేళ్ళ వెంకటేశు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. వడ్డీ వ్యాపారి శేషయ్య గొడుగు, చేతిసంచీతో వస్తాడు. మూడు నెలలు తీర్థయాత్రలు తిరిగి నిన్ననే ఊరు చేరాడు.)*

శేషయ్య: ఏరా అబ్బాయ్, మీ నాన్న ఉన్నాడా?

వెంకటేశు: లేడండి.

శేషయ్య: ఎప్పుడొచ్చినా ఇదే మాట. ఎక్కడికి పోయాడు?

వెంకటేశు: పోయాడండి.

శేషయ్య: అదేరా, ఎక్కడికని?

వెంకటేశు: ఎక్కడికో తెలిస్తే అమ్మ అంత ఏడవదండి.

శేషయ్య: ఏడుపులు నా దగ్గర కాదు. వడ్డీ మాట తర్వాత. అసలు ఇస్తాడా, ఇవ్వడా?

వెంకటేశు: అసలు ఇవ్వడండి.

శేషయ్య: అసలు ఇవ్వనివాడు వడ్డీ అయినా ఇవ్వాలిగా!

వెంకటేశు: అసలే లేనివాడు, వడ్డీ ఎక్కణ్ణుంచి తెస్తాడండీ?

శేషయ్య: లేనివాడనే కదరా జాలిపడి పదివేలు ఇచ్చింది! నోట్లో ఏముందో తెలుసా నీకు?

వెంకటేశు: తులసి నీళ్ళండి.

శేషయ్య: నీళ్ళా! *(కంగారుగా సంచీ తడుముతాడు. కాగితాలు ఒక్కొక్కటే తీసి చూస్తాడు. ప్రామిసరీ నోటు దొరుకుతుంది. వెలుతురుకు పట్టి చూస్తాడు.)* పొడిగానే ఉంది కదరా! నోటు నా దగ్గరుంటే నీళ్ళెవరు పోశారు?

వెంకటేశు: నేనే పోశానండి. చివర్న.

శేషయ్య: చివర్న సంతకం ఉంది. చెరగలేదు. వినరా, రేపటితో మూడేళ్ళు నిండుతాయి. వెనక చెల్లు వెయ్యకపోతే కాలదోషం పడుతుంది. పిలు మీ నాన్నని. ఇవాళే చెల్లాలి.

వెంకటేశు: ఆయనకి మొన్న ఏకాదశినాడే చెల్లిపోయాయండి.

శేషయ్య: ఏవి?

వెంకటేశు: నూకలు.

*(నిశ్శబ్దం. శేషయ్య నోటు మడుస్తాడు. సంచీలో పెట్టబోయి ఆగుతాడు. అరుగు అంచున కూర్చుంటాడు.)*

శేషయ్య: అయితే... లేడా?

వెంకటేశు: లేడండి.

రంగం ఇంతే. ఆడితే నాలుగు నిమిషాలు పడుతుంది. ఇలాంటి రంగాన్ని చదివి "మాటలతో ఆడుకున్నారు, బాగుంది" అని పక్కన పెట్టడం మనకు అలవాటు. మాటల ఆట అంటే వంటకం మీద చల్లిన కొత్తిమీర, అది లేకపోయినా కూర కూరే అన్న లెక్క. ఈ రంగంలో ఆ లెక్క కుదరదు. ఇక్కడ కథను నడిపించేది శ్లేషే. దాన్ని తీసేస్తే రెండో మాట దగ్గరే రంగం అయిపోతుంది.

తీసి చూడండి. "లేడండి" బదులు "చనిపోయాడండి" అని రాస్తే శేషయ్య నొచ్చుకుని గొడుగు తీసుకుని వెళ్ళిపోతాడు. "ఇంట్లో లేడండి" అని రాస్తే కుర్రాడు అబద్ధాలకోరు అవుతాడు, అప్పులవాణ్ణి చూసి బొంకే కొడుకుల కథ ఇంకొకటి తయారవుతుంది. ఈ రెంటికీ మధ్య నిలబడగలిగిన మాట ఒక్క "లేడు". వెంకటేశు రంగం మొత్తంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు. తండ్రి చావును నోటితో పలకడం చేతకాని కొడుక్కి, పలకకుండానే నిజం చెప్పే వీలు ఆ మాట ఇచ్చింది. శ్లేష చేసిన మొదటి పని అది.

"లేడు"కి రెండర్థాలు ఎలా వచ్చాయో చూడాలి, వాదనకు ఆయువుపట్టు అక్కడే ఉంది. తెలుగులో కలిగి ఉండడానికి విడిగా క్రియ లేదు. డబ్బు "ఉంది" అంటాం, మనిషి "ఉన్నాడు" అంటాం, ప్రాణం "ఉంది" అంటాం. వ్యతిరేకంలో అన్నిటికీ "లే" ధాతువే. అందుకే డబ్బు గలవాడు "ఉన్నవాడు", పేదవాడు "లేనివాడు" అయ్యారు. చోటులో లేకపోవడం, చేతిలో లేకపోవడం, లోకంలోనే లేకపోవడం మూడింటికీ ఒకటే మాట. ఇది రచయిత చమత్కారం కాదు, భాష ఎప్పుడో చేసి పెట్టిన తీర్పు. పేదవాణ్ణి మనం రోజూ పిలిచే పేరులోనే అతను "లేడు" అని ఉంది. "అసలే లేనివాడు" అన్నప్పుడు మూడర్థాలు ఒకేసారి నిలబడతాయి: మొదటే బీదవాడు, అసలు సొమ్ము లేనివాడు, బొత్తిగా ఈ లోకంలోనే లేనివాడు. శేషయ్యకు వినిపించింది మొదటిదొక్కటే. దానికి జాలిపడి పదివేలు ఇచ్చానని కూడా అన్నాడు. బతికున్నప్పుడే "లేనివాడు"గా లెక్కలోకి వచ్చిన మనిషి నిజంగా లేకుండా పోతే ఆ తేడా అప్పిచ్చినవాడి చెవికి ఆనలేదు. దీన్ని ఉపన్యాసంగా చెబితే అరపేజీ పడుతుంది, ప్రేక్షకుడు ఆవులిస్తాడు. ఇక్కడ రెండు పదాల్లో అయిపోయింది.

మన ఆలంకారికులు దీనికి దగ్గరి పనిముట్టును ఎప్పుడో గుర్తించారు. ఒకరు ఒక అర్థంలో అన్న మాటను వినేవారు కావాలని ఇంకో అర్థంలో తీసుకుని జవాబిస్తే అది వక్రోక్తి. పదానికున్న రెండర్థాల మీద నడిస్తే శ్లేషవక్రోక్తి, గొంతు మార్పు మీద నడిస్తే కాకువక్రోక్తి. తొమ్మిదో శతాబ్దపు రుద్రటుడు చేసిన విభాగం ఇది. ఈ రంగంలో దాన్ని తిరగేశాం. వక్రించేవాడు జవాబిచ్చే కుర్రాడు కాదు, వినే శేషయ్య. అదీ కావాలని కాదు. అతని చెవిలో ఒకటే నిఘంటువు ఉంది, వడ్డీ పుస్తకం. "అసలు", "నోట్లో", "చివర్న", "చెల్లు" వరసగా ఏ మాట పడినా సొమ్ము అర్థంలోనే పడుతుంది. అందుకే నవ్వు కుర్రాడి తెలివికి రాదు, పెద్దమనిషి చెవుడుకు వస్తుంది. వెంకటేశును చమత్కారిగా ఆడిస్తే రంగం చెడేది ఇందుకే: తండ్రి చావు మీద జోకులు వేసే కొడుకును ఎవరూ క్షమించరు.

ఈ రంగంలోని శ్లేషలన్నీ ఒక జాతివి కావు. "లేడు" భాష కట్టుబడిలోంచి వచ్చింది. "అసలు" ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట, మూలం అని అర్థం. మూలధనం, నిజానికి, బొత్తిగా అన్న వాడుకలన్నీ ఆ ఒక్క వేరు కొమ్మలే. "నోట్లో" మాత్రం శుద్ధ యాదృచ్ఛికం. "నోరు" ఔపవిభక్తికం, విభక్తి చేరితే రూపం మారే మాట, కాబట్టి "నోటిలో", ఇంగ్లీషు "నోటు"కి "నోటులో". వాడుకలో రెంటి నడిమి అచ్చూ రాలిపోయి "నోట్లో" అవుతుంది. చుట్టరికం లేని రెండు మాటలు దారిలో ఢీకొన్నాయి. శ్లేషను తక్కువ చేసేవారు పట్టుకునేది ఈ జాతినే: ధ్వని కలిసినంత మాత్రాన అర్థం కలుస్తుందా అని. కలవదు. కలవకపోవడమే ఇక్కడ పని. పోయేవాడి నోట్లో కొడుకు పోసిన తులసి నీళ్ళకూ సంచీలోని కాగితానికీ ఏ సంబంధమూ లేదు. ఒక మనిషి ఆ రెంటినీ కలిపి విని, కాగితం తడిసిందేమోనని కంగారుపడ్డాడు. ఆ కంగారే అతనేమిటో చెబుతుంది. చుట్టరికమున్న శ్లేషతో లోకాన్ని చూపించొచ్చు, లేని శ్లేషతో మనిషిని పట్టుకోవచ్చు.

ఆడేటప్పుడు ఎక్కువ చెడేదీ ఇక్కడే. "తులసి నీళ్ళండి" అన్న వెంటనే శేషయ్య మాట అందుకుంటే ప్రేక్షకుడికి కాగితం నుంచి నోటికి మారే వ్యవధి దొరకదు. సంచీ వెతకడం అందుకే పెట్టాం. కనీసం నాలుగైదు కాగితాలు తీసి చూడాలి. ఆ వెతుకులాటలో సభలో సగం మందికి అర్థమై నవ్వు ఆగిపోతుంది, మిగతా సగం ఇంకా నవ్వుతూ ఉంటుంది. ఆ తేడా వినబడితే రంగం సరిగ్గా నడుస్తున్నట్టు. "అసలే లేనివాడు" అనేటప్పుడు మధ్యలో విరవకూడదు, విరిస్తే ఒకర్థమే మిగులుతుంది. అచ్చు వేసేటప్పుడు ఎవరైనా "నోటులో" అని దిద్దితే శ్లేష పోయినట్టే. "చెల్లు" దగ్గర ఇంకో జాగ్రత్త: నోటు వెనక చెల్లు వేయడం, అంటే కొంత సొమ్ము ముట్టినట్టు రాసి సంతకం చేయడం, దాంతో దావా గడువు మళ్ళీ మొదలవడం తెలియని ప్రేక్షకులు ఇప్పుడు చాలామంది. శేషయ్య "చెల్లు", "కాలదోషం" రెండూ ఒకే ఊపిరిలో అనడం వాళ్ళ కోసమే. మొదటి అర్థం చెవిలో స్థిరపడకముందే రెండోది వస్తే "నూకలు చెల్లడం" పేలదు.

ఒక వాక్యం రాసి కొట్టేశాం. శేషయ్య వచ్చీరాగానే "నా పేరే శేషయ్య, బాకీ మాత్రం శేషం ఉంచను" అనేవాడు. నవ్వు గ్యారంటీ. కానీ ఆ ఒక్క మాటతో అతను రెండర్థాలు వినగల మనిషి అయిపోతాడు. అప్పుడు "లేడండి" విని అర్థం చేసుకోకపోవడానికి కారణం ఉండదు, తర్వాతి మాటలన్నీ అబద్ధమవుతాయి. అలంకారం కోసం పెట్టిన శ్లేషకూ పనిచేసే శ్లేషకూ తేడా ఇది. మొదటిదాన్ని తీస్తే రంగానికి నష్టం లేదు, ఉంచితే నష్టం.

నవ్వు దుఃఖాన్ని పలచన చేస్తుందన్న అభ్యంతరం ఇంకా మిగిలింది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రామాయణ భారత కథలు రెంటినీ ఒకే పద్యాల్లో చెప్పడానికి వాడింది ఈ శ్లేషనే. అక్కడ అది ఎవరినీ నవ్వించడానికి రాలేదు. కాబట్టి రెండర్థాలుండడమే నవ్వు కాదు. ఒక అర్థం మనకు తెలిసి ఎదుటివాడికి తెలియనంతసేపే నవ్వు. తెలిసిపోయాక అదే మాట మిగులుతుంది, నవ్వు ఉండదు. ఆఖరి "లేడండి" అక్షరం మారకుండా మొదటి "లేడండి"యే. వెంకటేశు దాన్ని అదే స్వరంలో, అదే వేగంతో, తాడు పేనుతూనే అనాలి. గొంతు వణికించకూడదు, తల ఎత్తకూడదు. మారాల్సింది శేషయ్య ఒక్కడే. అందుకే "లేడా?" అన్న ప్రశ్న ముందు అతను అరుగు మీద కూర్చోవడానికి ఎంత సమయం పడితే అంతా ఇవ్వాలి.