నాయనకు ఉత్తరం

బెంగళూరు,
ఆదివారం

నాయనా,

కండకు బలం వచ్చే కసరత్తు చెయ్యమని ఫోన్లో చెబితే "సరేలే, చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. దీన్ని అమ్మ చేత కూడా చదివించు.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమని డాక్టరు అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నువ్వు సగం లేచి, మళ్లీ కూర్చుని, చివరికి మోకాలి మీద చెయ్యి ఆన్చి లేచావు. వేరుశనక్కాయల మూటలు బండికెత్తిన మనిషివి నువ్వు. ఆ కాళ్లు వణుకుతుంటే నాకు గొంతు పట్టేసింది. బాత్రూంలోనో మెట్ల మీదో పడితే ఎట్లా అన్న టెన్షన్ అప్పట్నుంచీ పోవడం లేదు. అయితే డాక్టరు నీకు వయసైపోయిందని అనలేదు, కండ తగ్గిందన్నాడు. పని చెబితే ఈ వయసులోనూ బలం వస్తుందన్నాడు.

"రోజూ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడుస్తున్నా కదరా" అంటావు. నడక మానొద్దు, గుండెకు మంచిది. కానీ కండకు బరువు తగిలితేనే బలం. తిన్న అన్నంలోంచి వచ్చే చక్కెరను ఎక్కువగా పీల్చుకునేది కూడా కండే, కాబట్టి నీ షుగరుకీ ఇది మేలే.

జిమ్ అక్కర్లేదు. వరండాలోని చెక్క కుర్చీని గోడకు ఆనించి పెట్టు. నిదానంగా కూర్చో, నిదానంగా లేవు. మొదట్లో చేతులు ఆన్చినా పర్వాలేదు. తర్వాత గోడకు అరచేతులు ఆన్చి, ఛాతీని గోడ దాకా తెచ్చి వెనక్కి నెట్టు. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించు. లీటరు నీళ్ల బాటిళ్లు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడిచి చాచు. ఒక్కోటి పదిసార్లు. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో ఒక రోజైనా ఖాళీ ఉండాలి. సులువనిపించినప్పుడు కొంచెం కొంచెం పెంచుదాం.

ఊపిరి మాత్రం బిగబట్టొద్దు నాయనా, నీకు బీపీ ఉంది. లేచేటప్పుడు ఊపిరి వదులు. షుగర్ మాత్ర వేసుకుని పరగడుపున చేయొద్దు. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి అమ్మను పిలువు. మర్నాడు తొడలు కాస్త సలుపుతాయి, దానికి భయపడొద్దు. కీళ్లలో పోటు వస్తే మాత్రం ఆపెయ్, డాక్టరును అడుగుదాం.

సంగటిలోకి పప్పు కొంచెం ఎక్కువ వడ్డించమని, రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టమని అమ్మకు చెప్పాను. శనివారం గుడ్డు ముట్టవు కాబట్టి ఆ రోజు ఉడకబెట్టిన అలసందలు తిను.

మంగళవారం సాయంత్రం ఏడింటికి వీడియో కాల్ చేస్తాను. ఫోను అమ్మకిచ్చి నువ్వు కుర్చీ దగ్గరికి రా. నేనూ ఇక్కడ నీతోపాటే చేస్తాను.

నీ కొడుకు,
శీనా