మీకు వచ్చిన కస్టమ్స్ నోటీసు: అందులో ఏముంది, జవాబు ఎలా ఇద్దాం

రమణగారికి నమస్కారం.

మీరు పంపిన ఆరు పేజీలూ చదివాను. ముందు ఒక్కమాట: ఇది షోకాజ్ నోటీసు, ఆర్డర్ కాదు. డబ్బు కట్టమని ఎవరూ ఇంకా తేల్చలేదు. ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని అడుగుతున్నారు, అంతే. చేతికి అందింది ఫిబ్రవరి 9న కాబట్టి 30 రోజుల గడువు మార్చి 11తో అయిపోతుంది. ఆ తేదీ మాత్రం మరిచిపోకండి.

విషయం ఇదీ. 2023 జులైలో మీరు పంపు సీల్స్, ఓ-రింగులు తెప్పించారు. అప్పటి మీ కస్టమ్స్ ఏజెంటు, అంటే సీహెచ్ఏ, సరుకు మొత్తాన్ని పంపుల విడిభాగాలుగా 8413 91 అనే టారిఫ్ కోడ్ కింద వేశారు. ఇప్పుడు కస్టమ్స్ వాళ్లు, ఇవి రబ్బరు సీల్స్ కాబట్టి 4016 93 కిందికి రావాలంటున్నారు. మొదటిదానికి బేసిక్ డ్యూటీ 7.5 శాతం, రెండోదానికి 10 శాతం. నోటీసు నాలుగో పేజీలోని పట్టికంతా ఈ తేడా లెక్కే. సరుకు విలువ 20 లక్షలు. 7.5 శాతం చొప్పున బేసిక్ డ్యూటీ 1,50,000, దానిపై పది శాతం సర్‌ఛార్జి 15,000, సరుకు విలువకు ఈ రెండూ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ 3,89,700. అన్నీ కలిపి 5,54,700 మీరు కట్టేశారు. 10 శాతం చొప్పున వేస్తే 6,19,600 అవుతుంది. అడుగుతున్న తేడా 64,900. దీనిపై ఏడాదికి 15 శాతం వడ్డీ, అంటే ఇప్పటికి దాదాపు 25 వేలు.

ఫోన్‌లో మీరన్నారు, "ఇవి పంపులకు తప్ప ఇంకెందుకూ పనికిరావు కదండీ, మరి పంపు విడిభాగాలు కావా?" అని. మామూలుగా చూస్తే సబబే. టారిఫ్‌లో ఒక యంత్రానికే సరిపోయే విడిభాగాలు ఆ యంత్రంతోనే వెళ్లాలనే నియమం కూడా ఉంది. యంత్రాలు వచ్చే పదహారో సెక్షన్‌లో రెండో నోట్ అది. కానీ ఆ నోట్ మొదటి నోట్‌కు లోబడి ఉంటుంది. ఆ మొదటి నోట్‌లో, యంత్రాల్లో వాడే వల్కనైజ్డ్ రబ్బరు వస్తువులు, గట్టి రబ్బరువి తప్ప, ఈ సెక్షన్‌లోకే రావని రాసుంది. కాబట్టి "పంపుకే వాడతాం" అనే వాదన ఓ-రింగుల విషయంలో నిలవదు. దాన్ని పట్టుకుని జవాబు రాస్తే మన బలమైన మాటలు వెనక్కి పోతాయి.

మన బలం రెండు చోట్ల ఉంది. మొదటిది, మీ ఇన్‌వాయిస్ ఐదో వరుస. అవి మెకానికల్ సీల్స్. స్ప్రింగు, లోహపు ముఖం, మధ్యలో రబ్బరు. వీటికి 8484 20 అని సొంత హెడ్డింగే ఉంది, డ్యూటీ 7.5 శాతమే. ఆ వరుస విలువ 4 లక్షలు కాబట్టి డిమాండ్‌లో 12,980 తగ్గాలి. ఒక సీల్ విప్పి ఫొటో తీయించండి, తయారీదారు డ్రాయింగు తెప్పించండి. ఆరో వరుసలో పౌచ్ కిట్లున్నాయి. అందులో వేర్వేరు పదార్థాల గ్యాస్కెట్లు ఉంటేనే అవీ 8484లోకి వస్తాయి. అన్నీ రబ్బరే అయితే కుదరదు. ఒక పౌచ్ విప్పి చూసి నాకు చెప్పండి.

రెండోది ఇంకా పెద్దది, కాలపరిమితి. మామూలు కేసులో కస్టమ్స్ చట్టం సెక్షన్ 28(1) కింద రెండేళ్లలోపే నోటీసు ఇవ్వాలి. అవి 2025 జులైలోనే దాటిపోయాయి. అందుకే వాళ్లు ఐదేళ్ల గడువున్న 28(4) ఎత్తుకున్నారు. అది వర్తించాలంటే మీరు కావాలని తప్పు చెప్పారనో, నిజం దాచారనో చూపాలి. కానీ దిగుమతి అప్పుడు కస్టమ్స్‌కు ఇచ్చిన మీ బిల్ ఆఫ్ ఎంట్రీలో "ఎన్‌బీఆర్ రబ్బర్ ఓ-రింగ్ ఫర్ పంప్" అని స్పష్టంగా ఉంది. రబ్బరని మీరే చెప్పారు. వర్ణన సరిగా ఇచ్చి హెడ్డింగ్ తప్పు వేయడం దాపరికం కాదు. దిగుమతిదారు ఒక వర్గీకరణ కోరినంత మాత్రాన తప్పుడు ప్రకటన కాదని 1998లో నార్తర్న్ ప్లాస్టిక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసులో మూడుచోట్ల "దాచారు" అన్నారు గానీ, ఏం దాచారో ఒక్క చోటా రాయలేదు.

నెలలోపే డ్యూటీ, వడ్డీ, 15 శాతం పెనాల్టీ అంటే 9,735 కట్టేస్తే కేసు అక్కడితో ముగుస్తుంది. మొత్తం దాదాపు లక్ష. పోరాడి ఓడితే అదే చట్టం సెక్షన్ 114ఏ కింద పెనాల్టీ డ్యూటీకి సమానం దాకా పోవచ్చు. నా సలహా పోరాడమనే. మీ మీద పడిన దాపరికం మాట రికార్డులో ఉండిపోవడం నాకిష్టం లేదు. అయితే వ్యాపారం మీది, నిర్ణయం మీదే. అప్పీలు అవసరమైతే ఆర్డర్ అందిన 60 రోజుల్లో, డ్యూటీలో ఏడున్నర శాతం ముందుగా కట్టి వేయాలి.

ఇకమీదట వచ్చే ఓ-రింగులు మాత్రం 4016 93 కిందే వేయించండి. జవాబులో వ్యక్తిగత విచారణ కోరుతున్నామని తప్పకుండా రాస్తాను. ఫొటోలు, డ్రాయింగు, అసలు ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఈ నెల 20 లోపు పంపితే ముసాయిదా సిద్ధం చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమ్స్ కన్సల్టెంట్