శ్రీనివాస్ సార్ ఆపరేషన్ ఖర్చు: లెక్క, సాయం పంపే విధానం

హన్మకొండ, నవంబరు 18, 2025

స్టాఫ్ మిత్రులకు, మన స్కూల్లో పనిచేసి వెళ్లినవాళ్లకు, పాత విద్యార్థులకు నమస్కారం.

మన లెక్కల శ్రీనివాస్ సార్ నవంబరు 11, మంగళవారం సాయంత్రం స్కూలు నుంచి ఇంటికి వెళ్తుంటే బండికి కుక్క అడ్డం వచ్చింది. కుడి తొడ ఎముక, మోకాలి కింద ఎముక రెండూ విరిగాయి. హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. తొడకు రాడ్ వేసే ఆపరేషన్ 12న అయిపోయింది. మోకాలి కింద ప్లేట్లు వేసేది ఈ 21న, శుక్రవారం. ఆ లోపు డబ్బు కట్టాలి, అందుకే ఈ మెసేజ్.

ఆసుపత్రివాళ్లు కాగితం మీద రాసిచ్చిన అంచనా ఇది. మొదటి ఆపరేషన్ 1,35,000. రెండోది 1,10,000. మూడు రోజుల ఐసీయూ, గది అద్దె కలిపి 78,000. మందులు, రక్తం, స్కానింగులు 62,000. మొత్తం 3,85,000. ఇంటికొచ్చాక రెండు నెలల ఫిజియోథెరపీకి, వాకర్‌కు 30,000 మేం వేసుకున్నాం. అంతా కలిపితే 4,15,000 రూపాయలు.

ఇందులో సార్ భార్య సుజాత గారు బంగారం కుదువపెట్టి 90,000 తెచ్చారు, సార్ తమ్ముడు 30,000 ఇచ్చాడు. మేనేజ్‌మెంట్ 50,000 ఇచ్చింది, అందులో సగం సాయం, సగం జీతం అడ్వాన్స్. బిల్లులో 15,000 తగ్గిస్తామని ఆసుపత్రివాళ్లు ఒప్పుకున్నారు. ఇవన్నీ పోను కావలసింది 2,30,000. నిన్న రాత్రి వరకు 19 మంది స్టాఫ్ కలిసి 46,500 వేశారు. ఇంకా 1,83,500 కావాలి. సార్ మంచం మీద ఉన్నన్నాళ్లు ఇల్లు గడవడం వేరే సంగతి, దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని చాలామంది అడుగుతున్నారు. వాళ్లకు రేషన్ కార్డు లేదు, మేమే వెళ్లి అడిగి చూశాం, కుదరలేదు. జీతం 23,500, అంటే 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ కూడా లేదు. బండి ఇన్సూరెన్స్‌లో మనకుండే పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ప్రాణం పోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో ఇస్తారు, ఆసుపత్రి బిల్లుకు రాదు. నాకూ ఈ సంగతి మొన్నే తెలిసింది. డిశ్చార్జి అయ్యాక బిల్లులన్నీ పెట్టి ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేస్తాం. అది ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో చెప్పలేం, దాన్ని నమ్ముకుని ఆపరేషన్ ఆపలేం.

డబ్బు పంపడానికి ఈ మెసేజ్ కింద పెట్టిన క్యూఆర్ కోడ్ ఫొటో వాడండి. అదే స్టాఫ్‌రూమ్ బోర్డు మీద కూడా అంటించాం. అది మన ఆఫీసు శోభారాణి మేడం ఖాతా, స్కాన్ చేశాక ఆ పేరు కనబడితేనే పంపండి. ఎవరైనా ఫోన్ చేసి వేరే నంబరుకు వేయమంటే వేయకండి. ఈ ఖాతా మేడం దీనికోసమే వేరుగా తెరిచారు, అందులో ఆవిడ సొంత డబ్బు 500 మాత్రమే ఉంది. నగదు ఇచ్చేవాళ్లు ఆవిడకే ఇచ్చి రసీదు తీసుకోండి. మా చేతికి ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో సార్ పేరు చెప్పి నేరుగా కట్టొచ్చు, తప్పేమీ లేదు. ఆ రసీదు ఫొటో నాకు పంపితే లెక్కలో చేర్చుకుంటాను.

ఎంతైనా పరవాలేదు. 100 వేసినవాళ్లున్నారు, 5,000 వేసినవాళ్లున్నారు. రోజూ రాత్రి 8 గంటలకు వచ్చింది, కట్టింది స్టాఫ్ గ్రూపులో పెడతాను, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆసుపత్రి రసీదులతో సహా. బయటివాళ్లు అడిగితే విడిగా పంపుతాను. పేరు వద్దనుకున్నవాళ్లు చెబితే ‘మిత్రుడు’ అని రాస్తాం. ఇది మనిషికి మనిషి చేసే సాయం, పన్ను మినహాయింపుకు 80జి రసీదు రాదు. 2,30,000 చేరిన రోజే వసూలు ఆపేస్తాం. అప్పటికే ఎక్కువ వచ్చి ఉంటే ముందు వేసినవాళ్లను అడిగి, సరేనంటే బంగారం విడిపించడానికి ఇస్తాం, వద్దన్నవాళ్లకు తిరిగి పంపుతాం.

ఈ మెసేజ్ సార్, సుజాత గారు చదివి ఒప్పుకున్నాకే పంపుతున్నాను. సార్ ఒక్క మాట అడిగారు: ‘ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లిదండ్రులకు మాత్రం పంపొద్దు వెంకటేశ్, రేపు వాళ్ల పిల్లలకు మార్కులు నేనే వేయాలి.’ కాబట్టి దయచేసి క్లాస్ గ్రూపుల్లో పెట్టకండి. మంచం మీద ఉన్న ఫొటోలు కూడా ఎక్కడా తిప్పకండి.

చూడ్డానికి వెళ్లేవాళ్లు సాయంత్రం 5 నుంచి 7 లోపు, ఒక్కసారి ఇద్దరే. పండ్లు ఇప్పటికే చాలా పోగయ్యాయి. రాత్రిపూట తోడు పడుకోవడానికి మగవాళ్లు కావాలి, గురువారం, శనివారం ఖాళీ ఉన్నాయి, వీలైనవాళ్లు నాకు చెప్పండి.

బండి డిక్కీలో ఎనిమిదో తరగతి ఎస్ఏ-1 లెక్కల పేపర్లు దొరికాయి. 42లో 31 దిద్దేశారు. మిగతా 11 ప్రసాద్ సార్ దిద్దుతున్నారు.

వెంకటేశ్, సోషల్
శోభారాణి, ఆఫీసు