నేలపై సోలార్ ప్లాంట్: సివిల్ డిజైన్ నివేదిక

పై 0.5 మీ. నల్లరేగడి, కింద మొరం. బండరాళ్లు తగలడంతో స్టీలు పోస్టులు దిగగొట్టడం కుదరదు, 300 మి.మీ. వ్యాసంతో బోరు తవ్వి కాంక్రీట్ పైల్స్ వేయాలి.

డిజైన్ గాలివేగం సెకనుకు 39 మీ., పీడనం 0.6×39² = 0.91 కి.పా. ప్యానెళ్లు బిగించే ఒక్కో టేబుల్ వైశాల్యం 72 చ.మీ., వాలు 15°, పోస్టులు 7. గాలి పైకి లేపే గుణకం లోపలి వరుసల్లో 1.2, అంచుల్లో 1.5. సొంత బరువులో 60 శాతమే లెక్కించగా పోస్టుకు వరుసగా 9.4, 12.1 కి.న్యూ. లాగుడు వస్తుంది.

రేగడి పొర ఘర్షణను వదిలేశాం. అది ఎండితే పైల్‌ను వదిలేస్తుంది. మొరంలో ఘర్షణ 25 కి.పా., భద్రతా గుణకం 2.5తో 1.8 మీ. పైల్ 12.2 కి.న్యూ. మోస్తుంది. అంచుల్లో అది బొటాబొటి కాబట్టి అక్కడ 2.2 మీ. పైల్స్ ఇచ్చాం. పైల్స్‌ను పైకి లాగి చూసే పుల్‌అవుట్ టెస్టులు పూర్తయ్యాకే పని మొదలుపెట్టాలి.

నేల సహజ వాలును చదును చేయొద్దు. ప్యానెళ్ల అంచు నుంచి నీరు కారే చోట గడ్డి ఉంచాలి. రోడ్ల పక్కన మట్టి కాలువలు, దిగువ మలుపుల్లో రాతి పేర్పు. కేబుల్ ట్రెంచ్ కాలువను దాటే ప్రతిచోటా పైపు స్లీవ్ తప్పనిసరి.